కార్తీకంలో ఎండు చేపల వాసన

ఆ కార్తీకమాసంలో మా అత్త తలగడకి సరిగ్గా పైన, గోడలో, కరెంటు తీగ మాడుతూ ఉంది. మేమేమో ఆ గోడ కింద నిలబడి ఎండు చేపల గురించి కొట్టుకున్నాం. ఇప్పుడు తలుచుకున్నా నాకు భయం కంటే ముందు కోపమే వస్తుంది. ఎవరి మీదో చెప్పడానికి నాకు మొహమాటం ఏమీ లేదు.

టాటానగర్ దగ్గర సిద్ధగోరాలోని ఆ ఇల్లు మా మావగారు కట్టించింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కర్మాగారంలో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరై, ఆ ఇంట్లోనే పోయారు. ముందు రెండు గదులు మా బావగారివి, అంటే మా ఆయన అన్నగారివి. వెనక రెండు గదులు మావి. మధ్య గది అత్తది. పొయ్యిలు వేరు, తిండి వేరు, మనసులు ఎప్పుడో వేరు. మీటరు మాత్రం ఒకటే. ఆ మీటరూ, దాని పక్కన ఇనప పెట్టెలో, కరెంటు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే ఎంసీబీ మీటలూ బావగారి వరండా గోడకి ఉన్నాయి. వాళ్ల వాటాకి ఒక మీట, మా వాటాకీ అత్త గదికీ కలిపి ఇంకొక మీట. మా మీట పడిపోతే దాన్ని ఎత్తడానికి నేను అత్త గది దాటి, మా తోటికోడలి వంటింటి ముందు నుంచి నడిచి వాళ్ల వరండాలోకి వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ ఆవిడ గుమ్మంలో నిలబడేది. నేనేదో ఎత్తుకుపోవడానికి వచ్చినట్టు నా చేతులకేసి చూసేది.

నేను పిండి రుబ్బి అమ్ముతాను. చుట్టుపక్కల ఇళ్లకి ఇడ్లీ పిండి, దోసెల పిండి. గోల్‌మురి బజారులో ఒక టిఫిన్ బండికి పిండితో పాటు సాంబారు కూడా. తెల్లారకముందే ఒకపక్క గ్రైండరు తిరుగుతూ ఉండాలి, ఇంకోపక్క ఇండక్షన్ స్టవ్ మీద సాంబారు గిన్నె కాగుతూ ఉండాలి. మా ఆయన రైల్వేలో కరెంటు తీగల పనిలో ఉన్నాడు. టాటానగర్ నుంచి లైను మీదకి పోతే ఎప్పుడొస్తాడో తెలీదు. ఆ పిండి పని నాది. ఒకరి ముందు చెయ్యి చాచకుండా నన్ను నిలబెట్టింది అదే. మా తోటికోడలికి దాన్ని చూస్తేనే ఒళ్లు మంట. ఇల్లు హోటలు చేసిందని వీధిలో కనబడిన ప్రతి మనిషికీ చెప్పేది.

బావగారు గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ మనిషి. మా వాళ్లలో తమ్ముడి భార్య బావగారి ఎదట నిలబడదు, ఆయన కూడా ఆమెతో నేరుగా మాట్లాడడు. కాబట్టి ఆయన నన్ను తిట్టాలంటే భార్యకి చెప్పేవాడు. నేను పక్కనే ఉన్నా సరే, "దానికి చెప్పు" అని మొదలుపెట్టేవాడు. ఆవిడ ఆ మాటకి ఇంకో రెండు మాటలు తగిలించి నాకు అందించేది. పెళ్లై ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆయన నన్ను తిట్టిన తిట్లన్నీ నాకు ఆవిడ గొంతులోనే వినిపిస్తాయి.

కార్తీకం మొదలవగానే తెల్లవారుజామున కరెంటు పోవడం మొదలైంది. పిండి సగం నలిగేసరికి గ్రైండరు ఆగిపోయేది, సాంబారు సగం కాగి చప్పబడిపోయేది. చీకట్లో తడుముకుంటూ వరండాలోకి వెళ్లేదాన్ని. మా పెట్టెలో ఎంసీబీ పడినప్పుడు మీట మధ్యలో ఆగిపోతుంది. అక్కణ్నుంచి పైకి తోస్తే నిలవదు. ముందు పూర్తిగా కిందకి లాగి, అప్పుడు పైకి ఎత్తాలి. అది తెలీక మొదటిరోజు దాంతో కుస్తీ పడుతుంటే మా తోటికోడలు గుమ్మంలో నిలబడి చూసింది తప్ప ఒక్క మాట చెప్పలేదు. ఆవిడకి తెలుసు. నేను చేతకానిదానిలా కనిపించాలి, అంతే.

ఎత్తినా కాసేపటికి మళ్లీ పడేది. రోజూ ఇదే గొడవ. చివరికి బావగారి తీర్పు ఆవిడ నోటి మీదుగా నాకు చేరింది. ఆ గ్రైండరు ఇల్లంతటి కరెంటునీ లాగేస్తోంది, అది ఇంట్లోంచి పోవాలి, లేకపోతే మా వాటాకి కరెంటే ఉండదు. గ్రైండరు పోతే నా పని పోతుంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, ఆయనకీ తెలుసు.

మా ఆయనకి ఫోన్ చేసి ఏడవలేదు. తిట్టాను. తిట్లన్నీ విని, ఆయన నెమ్మదిగా చెయ్యాల్సిన పని చెప్పాడు. అన్ని స్విచ్‌లూ కట్టెయ్, ప్లగ్గులన్నీ పీకెయ్, అప్పుడు మీట ఎత్తు. ఏదీ పెట్టకుండానే వెంటనే పడిపోతే తప్పు తీగలో ఉన్నట్టు, ఇంక మళ్లీ మళ్లీ ఎత్తకు, అలా వదిలెయ్. నిలబడితే ఒక్కొక్కటే పెట్టుకుంటూ రా, దేనితో పడుతుందో చూడు. అంతే పని.

ఆదివారం పగలు చేశాను. ఫ్రిజ్ నుంచి ఫోన్ చార్జరు దాకా అన్నీ పీకేశాను. మీట ఎత్తితే నిలబడింది. ఫ్రిజ్ పెట్టాను, నిలబడింది. గ్రైండరు పెట్టాను. దాని పైన ఇండక్షన్ కూడా పెట్టి, నీళ్ల గిన్నె మరగబెడుతూ ముక్కాలిపీట మీద కూర్చున్నాను. నీళ్లు సగం ఆవిరైపోయాయి, మీట కదల్లేదు. నా గ్రైండరుని నానా మాటలూ అన్నారు కదా, పాపం అది తిరుగుతూనే ఉంది. అంతలో మా తోటికోడలు తలస్నానానికి బాత్‌రూంలోకి వెళ్లింది. నీళ్ల చప్పుడు మొదలైన కొంతసేపటికి కరెంటు పోయింది.

అప్పుడు వెలిగింది నాకు. కార్తీక స్నానం తెల్లవారుజామున చెయ్యాలి కదా. మా అత్త చన్నీళ్లతోనే చేస్తుంది. మా తోటికోడలికి మాత్రం పుణ్యం కావాలి, నీళ్లు వేడిగా కావాలి. దసరాకి గీజరు పెట్టించుకుంది. చిన్నదే, నీళ్లు వస్తూ వస్తూ వేడెక్కే రకం. దాని ఒంటి మీద మూడు వేల వాట్లని రాసి ఉంది. నా ఇండక్షన్ రెండు వేలు. మా ఎంసీబీ పదహారు ఆంపియర్లది, అంటే మూడున్నర వేల వాట్లు దాటితే ఎంతోసేపు ఓర్చుకోదు. కానీ గీజరు వాళ్లది కదా, వాళ్ల మీట కింద ఉండాలి కదా? వెళ్లి మీట ఎత్తి, ఆవిడ బయటికి వచ్చాక గీజరు స్విచ్ వేసి, మళ్లీ వెళ్లి నా మీట దించాను. తిరిగొచ్చి చూస్తే బాత్‌రూంలో గీజరు ఎర్రదీపం ఆరిపోయి ఉంది. నా తీగ మీద స్నానాలు చేస్తూ నా గ్రైండరుని వీధిలో పెట్టమంటున్నారు.

పెరట్లో నిలబడి గట్టిగానే చెప్పాను. పక్కింటి వాళ్లు వింటే వినని. బావగారు లోపల నుంచి అంతా విన్నాడు. గీజరు బిగించింది ఆయనే. వాళ్ల పెట్టె నుంచి కొత్త తీగ లాగాలంటే మా తోటికోడలు ముచ్చటపడి వేయించుకున్న టైల్స్ పగలగొట్టాలి. అందుకని అత్త మంచం పైన గోడలో ఉన్న, తీగలు కలిసే జాయింటు పెట్టె విప్పి, అక్కడ మా లైనుకే గీజరు తీగ మెలేసి టేపు చుట్టేశాడు. కరెంటు పని తెలిసిన మనిషి చేసిన పని ఇది. గీజరుకి వేరే తీగ, వేరే ఎంసీబీ వేసుకోండని అన్నాను. మర్నాడు ఆయన ఫ్యాక్టరీ నుంచి వస్తూ ఒక పెద్ద ఎంసీబీ తెచ్చాడు. ముప్పై రెండు ఆంపియర్లది. మా చిన్నదాన్ని పీకి దాన్ని బిగించి, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంటూ భార్యతో అన్నాడు.

"దానికి సెప్పు, ఇంక పడదు. బస్, ఖతం."

నిజమే, పడలేదు. పిండి నలిగింది, సాంబారు కాగింది, గీజరు నీళ్లు కాచింది. ఆ సంగతి మా ఆయనకి ఫోన్‌లో చెప్పాను. ఆయన విడమరిచి చెప్పాడు. ఆ మీట ఉన్నది గ్రైండరు కోసమూ కాదు, గీజరు కోసమూ కాదు, గోడలో ఉన్న తీగ కోసం. తీగ మోయలేనంత బరువు పడితే మీట పడిపోయి తీగని కాపాడుతుంది. మన తీగ నాన్న కాలంనాటి సన్నటి అల్యూమినియం తీగ. దాని ముందు పెద్ద మీట పెడితే, తీగ మాడిపోతున్నా అది పడదు. అన్నకి ఆ సంగతి తెలీదా అని అడిగాను. తెలుసన్నాడు. మరి నువ్వే చెప్పమన్నాను. ఇంటికి వచ్చాక చెబుతానన్నాడు. వచ్చాడు, రెండు పూటలు తిన్నాడు, అన్న ఎదట తల ఎత్తకుండా మళ్లీ డ్యూటీకి పోయాడు. అన్నదమ్ముల మర్యాదట. నాకు అలాంటి మర్యాదలు మండిపోతాయి.

ఆ తరవాత వాసన మొదలైంది.

ముందు కనిపెట్టింది అత్తే. కార్తీకంలో ఆవిడ చాలా నిష్ఠగా ఉంటుంది. నీచు మాట కూడా నోటి వెంట రానివ్వదు. సోమవారాలు పొద్దుగూకి దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్లే. అలాంటి మనిషి ఒక తెల్లవారుజామున లేచి కూర్చుని ముక్కు మూసుకుంది. ఎవరో ఎండు చేప కాలుస్తున్నారంది. నేనూ వాసన పట్టాను. నిజంగానే చేప కంపు. పెనం మీద పడి మాడిన ఎండు చేప ఎలా ఉంటుందో అలాగే ఉంది. మా తోటికోడలు పరుగెత్తుకొచ్చింది. గదంతా తిరిగి ముక్కు ఎగబీల్చి, చివరికి నా వంటింటి వైపు చూసింది.

నా వంటింట్లో ఎండు నెత్తళ్ల డబ్బా ఉంది. ఊరి నుంచి ఎవరో వస్తూ తెచ్చి ఇచ్చారు. మూత బిగించి, పైన గుడ్డ కట్టి, కార్తీకం అయ్యాక చూసుకుందామని పై అరలో పెట్టాను. ఆవిడ అటక ఎక్కినంత పని చేసి ఆ డబ్బా దించి, అత్త ముందు పెట్టింది. గుడ్డ ముడి కూడా విప్పలేదు సూడు అత్తా అని నేను అంటూనే ఉన్నాను. వినేదెవరు? బండికి ఇచ్చే సాంబారులో కూడా ఇదే కలుపుతుందేమోనని మా తోటికోడలు నోరు పారేసుకుంది. మా ఇద్దరి జుట్లూ ముడి పడకుండా ఉండడానికి కారణం మధ్యలో మంచం ఉండటమే.

అత్త నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి నా చేతి వంట మానేసింది. సోమవారం దీపం పెట్టాక నా చేత్తో పెట్టిన ఇడ్లీ తిని ఉపవాసం విడవడం ఎన్నో ఏళ్లుగా ఆవిడకి అలవాటు. ఆ సోమవారం నేను పళ్లెం తీసుకెళితే ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. అరటిపండు తిని ఊరుకుందని తరవాత తెలిసింది. ఆ రాత్రి నేనూ తినలేదు. తిననిదాన్ని తిన్నానంటే ఎవరికి చెప్పుకోవాలి?

ఆ కోపంతోనే వాసన ఎక్కడ పుడుతోందో పట్టుకోవాలని కూర్చున్నాను. రెండు మూడు రోజుల్లో ఒక సంగతి తేలిపోయింది. నా పొయ్యి మీద ఏమీ లేనప్పుడు కూడా వాసన వస్తోంది. మా తోటికోడలు స్నానానికి వెళ్లాక వస్తోంది. ఆవిడ వచ్చేశాక కొంతసేపటికి తగ్గుతోంది. గీజరు వెయ్యగానే అత్త గదిలో బల్బు కాస్త మందగిస్తోంది, ఒక్కోసారి టపటప కొట్టుకుంటోంది. అత్త మంచం ఎక్కి జాయింటు పెట్టె చూశాను. దాని తెల్లటి మూత ఒక మూల గోధుమరంగుకి తిరిగి, కాస్త వంకరపోయింది. పక్కన గోడ మీద అరచెయ్యి ఆన్చాను. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా కాలుతోంది. ముక్కు దగ్గర పెట్టాను. అదే చేప కంపు. మాడుతున్నది ప్లాస్టిక్కు. ఆ పెట్టె పక్క మేకుకే అత్త దోమతెర తాడు కట్టి ఉంది. నైలాన్ తెర ఆ పెట్టె కిందుగా వేలాడుతోంది, తెర లోపల ముసలావిడ నిద్రపోతుంది.

వెంటనే వెళ్లి మీట దించేశాను. మా తోటికోడలు బాత్‌రూంలోంచి శాపనార్థాలు పెట్టింది. కళ్లల్లో సబ్బుతో ఉందట, కావాలనే చేశానట. బయటికి వచ్చాక గోడ మీద చెయ్యి పెట్టి చూడమన్నాను. ఎండు చేపలు తిన్న చేత్తో దేవుడి గదిలాంటి గదిలో గోడలు ముట్టుకున్నానని ఎదురు తిట్టింది. బావగారు వచ్చి మీట ఎత్తేశాడు. గోడ సంగతి చెబితే, పాత ఇల్లన్నాక గోడలు వెచ్చగానే ఉంటాయని భార్యకి చెప్పాడు. పడాల్సి వస్తే మీట పడుతుంది కదా, పడలేదంటే అంతా బాగున్నట్టే అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గోడ వైపు చూడలేదు. ఆయనకి తెలుసు. చూస్తే ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే నా ముందు ఒప్పుకోవాలి. అమ్మ నెత్తిన నిప్పు పెట్టి మరీ ఆ మనిషి పంతం పట్టాడు.

మర్నాడు మళ్లీ నేను దించాను, ఆయన ఎత్తాడు. ఇంకోసారి బోర్డు ముట్టుకుంటే మా వాటా తీగే కోసేస్తానని కబురు పంపాడు. అత్తని ఆ గదిలోంచి మా వాటాకి వచ్చెయ్యమన్నాను. చేపలు కాల్చే ఇంటికి రానంది.

అప్పుడు నా కళ్లు మావగారి తాళం మీద పడ్డాయి.

పొయ్యిలు వేరు కాకముందు ఆ ఇంట్లో అన్నం దగ్గర బావగారు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. కర్మాగారంలో మిషను లోపలికి మనిషి దిగేముందు, దాని కరెంటు స్విచ్ కట్టేసి, తన సొంత తాళం దానికి వేసుకుంటాడు. తాళంచెవి తన జేబులోనే ఉండాలి. పని అయి బయటికి వచ్చాక తన తాళం తనే తీసుకోవాలి. ఇంకొకడి తాళం ముట్టుకోకూడదు, ఎంత పెద్ద సాహెబు చెప్పినా కోయకూడదు. లోపల మనిషి ఉండగా ఎవడైనా స్విచ్ వేశాడంటే ఆ మనిషి ఇంటికి రాడు. మావగారికి ఉద్యోగం చివరి ఏళ్లలో అలాంటి ఎర్ర తాళం ఒకటి ఇచ్చారు. రిటైరైనప్పుడు ఇంటికి వచ్చేసింది. అత్త గదిలో ఆయన ఫోటో పక్కన మేకుకి అది తెరిచే వేలాడుతూ ఉంటుంది. దాని తాళంచెవి ఒక్కటే, అది అత్త బొడ్లో తాళాల గుత్తికి ఉంటుంది.

పొద్దున్నే అత్త పెరట్లో చన్నీళ్ల స్నానం చేస్తుంటే ఆ తాళం తీసుకున్నాను. వరండాలోకి వెళ్లి మా మీట దించి, ఇనప పెట్టె తలుపు మూసి, గొళ్లేనికి తాళం పెట్టి నొక్కేశాను. నొక్కితే పడిపోయే తాళం అది. నా సాంబారు పొయ్యి మీద ఆగిపోయింది. ఆగితే ఆగనీ అనుకున్నాను. ఆ పూట బండి వాడికి ఏం చెప్పుకోవాలన్నది తరవాతి మాట.

మా తోటికోడలు చన్నీళ్లు పడి గావుకేక పెట్టింది. బావగారు లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చి తాళం చూశాడు. ఎవరిదో వెంటనే గుర్తుపట్టాడు. పెళ్లై వచ్చినప్పటి నుంచీ మొట్టమొదటిసారి, భార్య వైపు కాకుండా నా మొహంలోకి చూసి మాట్లాడాడు.

"ఏటనుకుంతన్నావు నువ్వు? నా బోర్డుకి తాళమేత్తావా?"

"ఏత్తాను బావగారూ. గోడ మాడిపోతంది. మీకు తెలుసు."

"కీ ఇయ్యి."

"నా దగ్గిర లేదు. అత్త దగ్గిరుంది."

ఆయన లోపలికి వెళ్లి ఇనుము కోసే రంపం పట్టుకొచ్చాడు. తాళం మీద ఆన్చాడు. ఆన్చి, లాగలేదు. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ చెయ్యి ఎన్నేళ్లుగానో ఇంకొకడి తాళం కొయ్యని చెయ్యి. చాలా బూతులు తిట్టాడు, నన్నే కాదు, అందరినీ. ఆ తరవాత రంపం పట్టుకునే అత్త గదిలోకి వెళ్లి తాళంచెవి అడిగాడు.

అత్త దీపం ముందు కూర్చుంది. మేం ముగ్గురం ఆవిడ చుట్టూ నిలబడ్డాం. మా తోటికోడలు ఒళ్లంతా తడిగా వణుకుతూ, తాళం దొంగిలించానని చెప్పింది, మావగారి తాళాన్ని నీచు చేత్తో ముట్టుకున్నానని చెప్పింది. అత్త నా వైపు చూసింది. ఆ చూపులో ఇంకా ఎండు చేపలే ఉన్నాయి. నేను గోడ వైపు చెయ్యి చూపించాను.

"అత్తా, నా మాట నమ్మొద్దు. గోడ మీద సెయ్యెట్టి సూడు. తరవాత కీ ఎవరికిత్తావో ఇచ్చుకో."

ఆవిడ మోకాళ్లు పట్టుకుని లేచింది. మంచం ఎక్కడానికి నేను చెయ్యి ఇస్తే పట్టుకోలేదు. గోడనే పట్టుకుని ఎక్కి, పెట్టె పక్కన అరచెయ్యి ఆన్చింది. అంతకుముందే గీజరు చాలాసేపు నడిచింది, గోడ ఇంకా చల్లారలేదు. చెయ్యి తీసి వాసన చూసుకుంది. మళ్లీ ఆన్చింది. తన తలగడ వైపు చూసింది, దోమతెర తాడు వైపు చూసింది.

బావగారు చెయ్యి చాచాడు. అత్త బొడ్లో తాళాల గుత్తి గుప్పెట్లో బిగించుకుంది.

"ఇది మీ బాబు తాళం. లోపల మనిసున్నప్పుడు తియ్యకూడదని ఆయనే సెప్పీవోడు."

"లోపలెవులున్నారమ్మా? ఇది ఇల్లు."

"నానున్నానురా."

బావగారు రంపం కింద పెట్టేశాడు. స్క్రూడ్రైవరు తెచ్చి, మంచం మీద నిలబడి, పెట్టె మూత విప్పాడు. మూత విరిగి చేతిలోకి వచ్చింది. లోపల ఆయన చుట్టిన టేపు నల్లటి పెచ్చై రాలింది. పాత అల్యూమినియం తీగకి ఆయన మెలేసిన రాగి తీగ వదులైపోయి ఉంది. రెండిటి మీదా ప్లాస్టిక్కు కరిగి, బెత్తెడు మేర వట్టి తీగ బయటపడింది. వెనక గోడ మసిబారింది. చేప కంపు గదంతా గుప్పుమంది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఆ తెర అంటుకునేది. నేను ఆ మాట అనబోయి, అత్త మొహం చూసి మింగేశాను.

ఆ రోజు ఆయన డ్యూటీకి పోలేదు. గోల్‌మురి బజారుకి వెళ్లి రాగి తీగ కొనుక్కొచ్చాడు. మా తోటికోడలి టైల్స్ పగలగొట్టి వాళ్ల వైపు నుంచే గీజరుకి వేరే తీగ లాగాడు. మా లైనులో కాలిన తీగ పీకి కొత్తది వేశాడు. ఇంక గీజరుకి వేరే ఎంసీబీ పెట్టి, నా పాత పదహారు ఆంపియర్ల మీట తిరిగి బిగించాలి. ఆ పని చెయ్యాలంటే తాళం తియ్యాలి. అత్త కొత్త తీగ దగ్గర నిలబడి, పాత తీగ ముక్కలన్నీ బయట పారేయించి, ఇంక ఏమీ లేదని చూసుకున్నాకే వరండాలోకి నడిచింది. తన చేత్తో తాళం తీసింది. బావగారు మెయిన్ కట్టేసి, నా కళ్ల ముందే రెండు మీటలూ బిగించాడు. నేను జాలి పడలేదు.

నన్ను ఎవరూ క్షమించమని అడగలేదు. మా తోటికోడలైతే ఇప్పటికీ టైల్స్ నేనే పగలగొట్టించానంటుంది, ఆ వాసన చేపదే అంటుంది. బావగారు మళ్లీ భార్య ద్వారానే మాట్లాడుతున్నాడు. మా ఆయన వచ్చి అంతా విని, మంచి పని చేశావని నా చెవిలో చెప్పాడు. గట్టిగా చెప్పమంటే చెప్పలేదు. గ్రైండరు మాత్రం ఎక్కడికీ పోలేదు, తిరుగుతోంది.

కార్తీకం వెళ్లిపోయిన మర్నాడు అత్త నా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. డబ్బాకేసి చూసింది.

"నెత్తళ్లు పారేసినావా?"

లేదన్నాను. గుడ్డ ముడి ఇంకా అలాగే ఉంది.

"అయితే ఒండు. తలుపులన్నీ తీసెట్టి ఒండు."

వండాను. ఎండు నెత్తళ్లు పెనం మీద వేయించి, వంకాయతో పులుసు పెట్టాను. తలుపులూ కిటికీలూ బార్లా తెరిచాను. ముందు గదుల్లో మా తోటికోడలు తలుపు ధడేలున వేసుకుంది. అత్త నా వంటింట్లోనే పీట వేసుకుని కూర్చుని, నా చేత్తో పెట్టించుకుని తింది. రెండో ముద్ద కలుపుతూ, ఆ మూసిన తలుపు వైపు తిరిగి, అక్కడికి వినిపించేంత గట్టిగా అంది.

"సేప వాసనంటే ఇదీ."